ప్రోగ్రెస్ కార్డు పంపి “ఎలా ఉందంటారు?” అని మాత్రమే అడిగితే: మా సాయంత్రం గది డైరీ

నవంబరు 18

పోయిన ఏడాది నేనిచ్చిన ఒక జవాబు ఇంకా నన్ను వదల్లేదు, ఈ డైరీ రాయడానికి కారణం అదే.

పాలకొల్లులో మా వీధి చివర ఒక పాత పెంకుటిల్లు ఉంది. అందులో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు కూర్చుని చదువుకునే గది నడుపుతున్నాం. ఫీజు లేదు. ఉండేది ముగ్గురం: పదహారేళ్ళు క్లాస్ టీచరుగా చేసిన నేను, రిటైరైన లెక్కల మాస్టారు, పక్క వీధిలో ఉండే హిందీ మేడమ్. గదికంటూ ఒక ఫోను ఉంది. స్కూల్లో ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన వారం ఆ ఫోనుకి వాట్సాప్‌లో ఫోటోలు వస్తూనే ఉంటాయి. ఫోటో కింద పెద్దగా ఏమీ ఉండదు. “మేడమ్ ఎలా ఉందంటారు” అనో, “ఒకసారి చూడండి” అనో, లేకపోతే రెండు చేతులు జోడించిన బొమ్మ.

పోయిన ఏడాది ఒక ఆటో నడిపే నాన్న ఆరో తరగతి చదివే కూతురి కార్డు పంపారు. “చూడండి మేడమ్” అని అంతే రాశారు. హిందీలో 80కి 31 ఉంది. నేను వెంటనే “హిందీ గురించి కంగారు పడకండి, రోజూ అరగంట చదివిస్తే తేరుకుంటుంది” అని రాసేశాను. ఆయన “సరేనండి” అన్నారు. వారం తర్వాత ఆ పాప గదిలో నోటుపుస్తకానికి అట్ట వేసుకుంటూ చెప్పింది, నాన్న పంపింది సైన్సు మార్కులు చూపించడానికట. అంతకుముందు ఏప్రిల్లో 33 వచ్చిన సైన్సులో ఈసారి 58 వచ్చాయి. నా మెసేజ్ చదివాక ఆయన ఫోను జేబులో పెట్టేసుకుని ఇంకేం మాట్లాడలేదట. నేను సైన్సు వరస చూడనే లేదు.

అందుకే ఈసారి ఒక పని పెట్టుకున్నాం. కార్డు మాత్రమే పంపి ఏమీ అడగని అమ్మానాన్నలకి ముగ్గురిలో ఎవరు జవాబిచ్చినా ఇలాంటి తప్పు జరగకుండా, చేతిలో పట్టుకుని చూసుకునేలా అరపేజీ కాగితం తయారు చేయాలి. జనవరిలో ఎఫ్‌ఏ-3 అనే చిన్న పరీక్ష కార్డులు వచ్చేలోపు అయిపోవాలి.

నవంబరు 20

ఫోన్లో మిగిలి ఉన్న పాత ఫోటోలు తీశాం, 27 దొరికాయి. పిల్లల పేర్లు, అడ్మిషన్ నంబర్లు, తండ్రి ఫోను నంబరు కనపడకుండా మాస్టారు ఓపికగా కత్తిరించారు. కార్డు మీద ఇవన్నీ ఉంటాయని ఇన్నాళ్ళూ మేం గమనించనే లేదు. గదిలో నలుగురి ముందూ ఫోను తెరిచి చూసేవాళ్ళం. ఇకనుంచి జవాబు ఇచ్చేవాళ్ళు ఒక్కరే చూడాలి, వేరేవాళ్ళని అడగాలంటే ముందు పేరు కత్తిరించాలి అని అనుకున్నాం.

తర్వాత ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఒక్కో ఫోటో చూసి, ఆ అమ్మానాన్నలు ఏం అడగాలని పంపారో ముగ్గురం విడివిడిగా చీటీ మీద రాయాలి. ఆ తర్వాత అదే చాట్‌లో కిందకి వెళ్ళి, వాళ్ళు తర్వాత రోజుల్లో అసలు ఏం చెప్పారో చదవాలి. 27లో 11 మంది మాత్రమే తర్వాత విషయం చెప్పారు. ఆ పదకొండులో నా చీటీ సరిపోయింది మూడుసార్లే. మాస్టారు దాదాపు ప్రతిసారీ లెక్కలని రాశారు, హిందీ మేడమ్ చేతిరాత గురించి, అల్లరి గురించి రాశారు, నేను ప్రతిదానికీ “భయం” అని రాశాను. మాస్టారు చీటీలన్నీ వరసగా పేర్చి చాలాసేపు ఏమీ అనలేదు.

ఆ 11 మంది అసలు అడిగినవి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఇవి చదివాక నా బుర్రలో ఏదో సర్దుకుంది. ఒకరికి బి2 గ్రేడు అంటే ఏంటో తెలియాలి. ఒకరు వచ్చే ఏడాది హాస్టల్లో వేయాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. ఇద్దరు సంతోషంగా పంపారు. ఒకావిడకి సంతకం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒకాయన అన్నయ్య కొడుకు కార్డుతో పోల్చి చూడమన్నారు. క్లాస్ టీచరు ఇంగ్లీషులో రాసిన రిమార్కు ఏంటని ఇద్దరు అడిగారు. ఒకరు ఫీజు బాకీ ఉంది కాబట్టి మార్కులు తగ్గించారేమో అని అనుమానపడ్డారు. ఒకరు లెక్కలకి ట్యూషన్ పెట్టాలా అని అడిగారు. ఇంకొకావిడ విషయం నిజంగా బరువైనది, పిల్ల నెల రోజులుగా సరిగా తినడం లేదు, కార్డు చూపించడం ఆమెకి మాట మొదలుపెట్టే దారి.

నవంబరు 22, సాయంత్రం

కొత్త కార్డు వచ్చింది, ఎస్‌ఏ-1 అనే పెద్ద పరీక్ష తర్వాతిది. ఏడో తరగతి బాబు, ఒక ప్రైవేటు స్కూలు. వాళ్ళమ్మ రాసింది ఇంతే: “మేడమ్ నమస్తే. మా బాబు కార్డు. ఎలా ఉందంటారు?”

ఈసారి తొందరపడకుండా కార్డంతా చదివాను, ముందు మార్కులు కాకుండా వెనక పేజీ. వెనక పేజీలో మార్కులు ఎలా వేస్తారో ముద్రించి ఉంది. ఎఫ్‌ఏ 50 మార్కులకి, ఎస్‌ఏ 80కి. ఎఫ్‌ఏలో క్లాసులో పాల్గొన్నందుకు 10, రాత పనులకి 10, ప్రాజెక్టు పనికి 10, స్లిప్ టెస్టుకి 20. ఇది స్కూలుని బట్టీ ఏడాదిని బట్టీ మారుతుంది, అందుకే ప్రతి కార్డుకీ వెనక్కి తిప్పి చూడక తప్పదు, ఫోటోలో వెనక పేజీ లేకపోతే అడిగి తెప్పించుకోవాలి.

ఇప్పుడు మార్కులు. తెలుగు ఎఫ్‌ఏ-1లో 44, ఎఫ్‌ఏ-2లో 45, ఎస్‌ఏ-1లో 66. హిందీ 40, 41, 59. ఇంగ్లీషు 39, 42, 52. లెక్కలు 43, 44, 49. సైన్సు 42, 43, 61. సోషల్ 41, 44, 63.

చూడగానే లెక్కలు కళ్ళల్లో గుచ్చుకుంటాయి. ఎఫ్‌ఏ-2లో 50కి 44 అంటే నూటికి 88. ఎస్‌ఏలో 80కి 49 అంటే నూటికి 61. ఒక్క పరీక్షలో ఇరవై ఏడు పడిపోయాడని అనిపిస్తుంది, పోయిన ఏడాది నేనైతే ఆ మాటే రాసేదాన్ని.

మాస్టారు కాగితం తీసుకుని నాకు వేసి చూపించారు. నోటుపుస్తకం సరిగ్గా రాసి, ప్రాజెక్టు ఇచ్చి, క్లాసులో కూర్చునే పిల్లాడికి ఆ మొదటి 30 మార్కుల్లో సాధారణంగా 28 దాకా పడిపోతాయి. అంటే 44లో స్లిప్ టెస్టుకి మిగిలేది 16, అంటే 20కి 16. నూటికి 80. రాత పరీక్షతో రాత పరీక్షని పోలిస్తే 88 నుంచి 61 కాదు, 80 నుంచి 61. పైగా స్లిప్ టెస్టు ఒకటి రెండు పాఠాల మీద జరుగుతుంది, ఎస్‌ఏ-1 జూన్ నుంచి చెప్పిన పాఠాలన్నిటి మీద. కాబట్టి ఆ మిగిలిన తేడాలో కూడా కొంత పరీక్ష తేడానే, పిల్లాడి తేడా కాదు. ఎంత కొంత అని కార్డు చూసి చెప్పలేం. ఆ 28 కూడా మా అంచనానే, విడివిడి మార్కులు కార్డులో ఉండవు, టీచరు దగ్గర రిజిస్టర్లో ఉంటాయి.

ఇంకొకటి హిందీ మేడమ్ పట్టుకున్నారు. కార్డులో ర్యాంకు గడి ఉంది. ఎఫ్‌ఏ-2లో మొత్తం 300కి 259, ర్యాంకు 19. ఎస్‌ఏ-1లో 480కి 350, ర్యాంకు 17. నూటికి లెక్కేస్తే 86 నుంచి 73కి దిగాడు, ర్యాంకు మాత్రం రెండు మెట్లు ఎక్కింది. అంటే క్లాసులో చాలామందికి ఇలాగే దిగి ఉండాలి. రెండు ర్యాంకుల తేడా పెద్ద విషయం కాదు, నలుగురు పిల్లల మధ్య ఒకటి రెండు మార్కులే తేడా ఉన్నా ర్యాంకులు అటూ ఇటూ అవుతాయి. కానీ “పడిపోయాడు” అనే మాట రాయకుండా ఆపడానికి ఇది చాలు.

హాజరు వరసలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక్క రోజు కూడా తప్పలేదు. కింద రిమార్కు దగ్గర ఇంగ్లీషులో “నెమ్మదైన పిల్లవాడు, లెక్కల్లో సాధన అవసరం” అని రాసి ఉంది.

కార్డు చదవడానికి ముగ్గురికీ కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంతా చదివాక కూడా ఆ తల్లి ఎందుకు పంపిందో మాకు తెలియలేదు. తెలియలేదని ముగ్గురం ఒప్పుకున్నది మాత్రం ఇదే మొదటిసారి.

నవంబరు 22 రాత్రి నుంచి 23 పొద్దున్న దాకా

జవాబు నాలుగుసార్లు రాశాను.

మొదటిది: “అమ్మా, టెన్షన్ పడకండి, బాబు బాగానే చదువుతున్నాడు.” హిందీ మేడమ్ ఫోన్లో విని ఒక ప్రశ్న వేశారు, ఆమె టెన్షన్ పడుతోందని మీకెవరు చెప్పారు అని. నిజమే. “కంగారు పడకండి”, “బాధపడకండి”, “భయం లేదు” ఇవన్నీ మనం ఓదార్పు అనుకుని వాడతాం, కానీ ఏ కంగారూ లేని మనిషికి ఆ మాట పంపితే “అయితే కంగారు పడాల్సింది ఏదో ఉందన్నమాట” అని మళ్ళీ కార్డు తీసి వెతుక్కుంటుంది. నిజంగా కంగారుగా ఉన్న మనిషికి పంపితే, ఆమె ఇంకా చెప్పకముందే మనం మూత వేసినట్టు అవుతుంది. రెండు వైపులా తప్పే.

రెండోది: “బాబు పర్లేదు అమ్మా, లెక్కలు కొంచెం చూసుకోవాలి.” ఈ “పర్లేదు” అనే మాట మీద చాలాసేపు ఆగాను. స్టాఫ్‌రూంలో పర్లేదు అంటే మంచి మాటే. ఇంట్లో తల్లి చదివినప్పుడు “ఏదో నెట్టుకొస్తున్నాడు” అని వినిపిస్తుంది. “వీక్” అనే మాట కూడా అంతే, లెక్కల్లో వీక్ అని ఒకసారి ఎవరైనా రాస్తే అది ఆ పిల్లాడికి ఇంటిపేరైపోతుంది.

మూడోదాంట్లో ఏ అభిప్రాయమూ లేకుండా “మీరు దేని గురించి అడుగుతున్నారమ్మా?” అని మాత్రం రాశాను. ఊహించకూడదు అనుకున్నాం కాబట్టి ఇదే సరైనది అనిపించింది. పొద్దున్న పాలు పోసే ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడకీ బడికెళ్ళే పిల్లలున్నారు. “అలా అడిగితే నాకు సరిగ్గా అడగడం రాలేదేమో అనిపిస్తుందండి, ఇంక రాయను” అంది. ఫోటో పంపిన మనిషికి ఖాళీ ప్రశ్న తిప్పికొడితే పని ఆమె మీదే వేసినట్టు. అప్పటికే ఆమె “ఎలా ఉందంటారు” అని అడిగింది. దానికి ముందు మనం ఏదో ఒకటి చెప్పాలి, ఆ తర్వాతే ఆమెని అడగాలి.

నాలుగోది పొద్దున్న పంపాను. ఇదీ అది:

“నమస్తే అమ్మా. కార్డు రెండు పేజీలూ చూశాను, స్పష్టంగా ఉన్నాయి. బాబు జూన్ నుంచి ఒక్క రోజు కూడా బడి మానలేదు. మూడు పరీక్షల్లోనూ తెలుగులోనే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి, మొన్నటి పెద్ద పరీక్షలో 80కి 66. ఆ పరీక్షలో నూటికి లెక్కేస్తే అన్ని సబ్జెక్టుల్లోనూ ముందుకన్నా తక్కువ కనిపిస్తుంది, దానికి ఒక కారణం ఉంది: ముందు రెండు పరీక్షల్లో 50కి 30 మార్కులు నోటుపుస్తకాలకీ, ప్రాజెక్టుకీ, క్లాసులో పాల్గొన్నందుకూ వేశారు, ఇందులో మొత్తం రాసినదానికే. లెక్కల్లో 80కి 49 వచ్చాయి, ఏ ప్రశ్నకి ఎన్ని వచ్చాయో కార్డులో తెలియదు, ఆన్సర్ పేపరు చూస్తే తెలుస్తుంది. టీచరుగారు బాబు నెమ్మదైనవాడని, లెక్కల్లో సాధన కావాలని రాశారు. కార్డు తెరవగానే మీకు ముందు ఏది కంటపడిందమ్మా? అక్కడినుంచి మాట్లాడుకుందాం. ఊరికే చూపిద్దామని పంపినా నాకు సంతోషమే.”

లెక్కల మార్కు రాయాలా వద్దా అని మాస్టారికీ నాకూ చిన్న వాదన జరిగింది. ఆమె అడగలేదు కదా, వదిలేద్దాం అని నేను. అంకె కార్డు మీద ఉంది, రిమార్కులో కూడా ఉంది, మనం దాన్ని దాటేస్తే ఆమె రేపు మనల్నెలా నమ్ముతుంది అని ఆయన. ఆయన మాటే సరైనదని ఇప్పుడు అనుకుంటున్నాను. అంకె చెప్పాం, దానికి తగ్గింది, పడిపోయింది, వీక్ అనే మాటలు తగిలించలేదు, అది చూసి ఆమెకి ఏమనిపించాలో మేం చెప్పలేదు.

నవంబరు 23

మధ్యాహ్నం వాయిస్ మెసేజ్ వచ్చింది, రెండు నిమిషాలు. బాబు వాళ్ళ నాన్న కువైట్‌లో ఉంటారు. ఆదివారం రాత్రి ఫోన్ చేసి కార్డు గురించి అడుగుతారు, క్రితంసారి ఆమె మార్కులన్నీ వరసగా చదివితే “ఇన్ని చెప్తున్నావు, బాగున్నట్టా బాగోనట్టా” అని విసుక్కున్నారట. ఈసారి ఆయనకి రెండు మాటల్లో ఏం చెప్పాలో తెలుసుకుందామని పంపింది. లెక్కల గురించి ఆమెకి ఏ బెంగా లేదు. “ఆడు లెక్కలకి ఇంట్లో కూర్చోడండి, నాకు తెలుసు, దసరా సెలవులంతా మా అమ్మగారింట్లో చెరువులో ఈత కొట్టాడు” అని నవ్వుతూ అంది.

ఏడుగురు ఊహించినా ఇది తట్టదు.

కాబట్టి మా రెండో జవాబు ఆ నాన్నకి చెప్పే మాట గురించి. “బడి ఒక్క రోజూ మానలేదు, తెలుగు, సోషల్ బాగున్నాయి, లెక్కలకి ఇంట్లో కూర్చుని చేయాలి, క్లాసులో ర్యాంకు 19 నుంచి 17 అయ్యింది” అని నాలుగు ముక్కలు రాసిచ్చాను. బాబు ఆ పక్కనే ఉంటే చివరి మాట బాబు చేతే చెప్పించమన్నాను. ర్యాంకు సంగతి మొదటి జవాబులో కావాలనే వదిలేశాను. ర్యాంకు పట్టించుకోని ఇంట్లో మనమే దాన్ని మొదలుపెట్టడం ఎందుకు అని. ఇక్కడ అవసరం వచ్చింది కాబట్టి తీశాను.

నవంబరు 25

లెక్కల ఆన్సర్ పేపరు ఆమె ఈ సోమవారం పంపింది, నాన్న అడిగారట. మాస్టారు చూసి పావుగంటలో తేల్చారు: చేసిన లెక్కల్లో తప్పులు తక్కువ, కూడికలు, తీసివేతలు అన్నీ శుభ్రంగా ఉన్నాయి, కానీ చివరి భాగంలో రెండు పెద్ద ప్రశ్నలు అసలు మొదలుపెట్టలేదు. రెండూ మాటల్లో ఇచ్చిన లెక్కలే, లాభనష్టాలది ఒకటి, నిష్పత్తిది ఒకటి. మొదలే పెట్టకపోతే రెండు కారణాలు ఉండొచ్చు, టైము చాలకపోవడం లేదా ప్రశ్న చదివి అర్థం కాకపోవడం. పేపరు చూసి అది తెలియదు. బాబుని అదే ప్రశ్న ఒకటి పైకి చదివి సొంత మాటల్లో చెప్పమనండి, చెప్పగలిగితే టైము సమస్య, చెప్పలేకపోతే చదవడం దగ్గర పని ఉంది అని మాస్టారు రాశారు. ఇంగ్లీషు మీడియం, ఇంగ్లీషులో 52. ఆ రెండూ ముడిపడి ఉన్నాయేమో చూడాలి. బాబు బుధవారం నుంచి గదికి వస్తానన్నాడట.

నవంబరు 27

ఈరోజు తెలిసినదానితో కాగితం సగం మార్చాల్సి వచ్చింది.

బాబు గదికొచ్చాడు. కూర్చోగానే “మేడమ్, మీరు నన్ను నెమ్మదైనవాడని అన్నారు కదా” అన్నాడు. నేను రాసిన మెసేజ్ వాళ్ళమ్మకి చదివి వినిపించింది వాడే. ఆమెకి తెలుగు చదవడం వచ్చు కానీ ఫోన్లో చిన్న అక్షరాలు కనపడవు, ఎప్పుడూ వాడే చదువుతాడు. తర్వాత ఇంకో నలుగురు పిల్లల్ని అడిగాను. ముగ్గురిళ్ళలో మెసేజ్‌లు చదివేది పిల్లలే. నాలుగో ఇంట్లో అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టమంటుంది, వచ్చిన వాయిస్ అందరూ వినేలా గట్టిగా పెడతారు, నానమ్మతో సహా.

పోయిన ఏడాది ఆటో ఆయనకి నేను రాసిన ఆ హిందీ మాట ఆ పాపే చదివి వినిపించిందా? అడిగే ధైర్యం రాలేదు.

ఇప్పటిదాకా మేం పెద్దవాళ్ళకి రాస్తున్నాం అనుకున్నాం. ఇకనుంచి ఏ వాక్యమైనా పంపేముందు, ఆ పిల్లాడు దాన్ని గట్టిగా చదువుతున్నట్టు మనసులో వినాలి. వాడి నోటితో వాడు చదవలేని మాట ఆ మెసేజ్‌లో ఉండకూడదు. లెక్కల్లో 80కి 49 అని వాడు చదవగలడు, వాడికి ఆ సంగతి ముందే తెలుసు. “లెక్కల్లో వెనకబడ్డాడు” అని తల్లి ముందు చదవాలంటే గొంతు పట్టేస్తుంది. పెద్దవాళ్ళతోనే మాట్లాడాల్సింది ఏదైనా ఉంటే రాయకూడదు, “వీలున్నప్పుడు ఒకసారి ఫోన్ చేయండమ్మా, లేదా గదికి రండి” అని మాత్రమే, అది కూడా “ఒక విషయం మాట్లాడాలి” అనకుండా. ఆ మాట వింటేనే ఇంట్లో అందరి మొహాలూ మారతాయి.

డిసెంబరు 4

ఒక తాతగారు మనవరాలి కార్డు పంపారు, మూడో తరగతి. ఇదే పద్ధతిలో జవాబిచ్చాను. చివర “మీకు ముందు ఏది కంటపడింది తాతగారూ” అని అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఐదు రోజులైంది.

హిందీ మేడమ్ ఇంకోసారి అడుగుదామన్నారు. నేను వద్దన్నాను. జవాబివ్వకపోతే ఏదో దాచుకుంటున్నారని అనుకోవడం కూడా ఊహే కదా. ఆయనకి కావాల్సింది మొదటి మెసేజ్‌లోనే దొరికి ఉండొచ్చు. మళ్ళీ అడిగితే “మీ దగ్గర ఏదో సమస్య ఉండి ఉంటుంది” అన్నట్టు వినిపిస్తుంది. తర్వాత ఎఫ్‌ఏ-3కి ఆయనే పంపితే చూద్దాం.

డిసెంబరు 11

ఇది కష్టమైనది.

తొమ్మిదో తరగతి అమ్మాయి కార్డు, వాళ్ళమ్మ పంపింది, “చూడండి మేడమ్”. మార్కులు బాగున్నాయి, నూటికి డెబ్బై దాటాయి. హాజరు వరసలో మాత్రం సెప్టెంబరులో 22 పనిదినాలకి 13, నవంబరులో 21కి 11. మిగతా నెలల్లో ఒకటి రెండు తప్ప అన్నీ ఉన్నాయి.

ఊహించకూడదు అనే పద్ధతి ఇక్కడ నన్ను తప్పుదారి పట్టించేలా అనిపించింది. ఇది చెప్పకుండా వదిలేస్తే అది దయ కాదు. కానీ తొమ్మిదో తరగతి ఆడపిల్ల, రెండు నెలల్లో పంతొమ్మిది రోజులు లేదు అనగానే నా బుర్రలోకి వచ్చినవన్నీ రాస్తే ఆ ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది. జ్వరం కావచ్చు. నెలసరి నొప్పి కావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగి ఉండొచ్చు. ఊళ్ళో పెళ్ళిళ్ళు, చేపల చెరువు పనులు, ఏదైనా కావచ్చు. హాజరు పట్టిక రాసేవాళ్ళు ఒక వరస తప్పుగా ఎక్కించడం కూడా నేను క్లాస్ టీచరుగా ఉన్నప్పుడు చూశాను. నెలాఖరున రిజిస్టరు నుంచి కార్డుకి దింపేటప్పుడు పక్క పేరు అంకె వచ్చేస్తుంది.

ఆ అమ్మాయే చదువుతుందని అనుకుని రాశాను. మార్కుల సంగతి ముందు చెప్పి, తర్వాత “హాజరులో సెప్టెంబరు 22కి 13, నవంబరు 21కి 11 అని ఉంది అమ్మా. ఇది మీకు తెలిసినదే అయి ఉంటుంది, కార్డులో ఎక్కించడంలో తేడా రాలేదు కదా అని ఒకసారి చూసుకోండి. కార్డు తెరవగానే మీకు ముందు ఏది కంటపడింది?” అని పెట్టాను. అంకెని దాచలేదు, కారణం నేను పెట్టలేదు, ఆమె తలుచుకుంటే మాట్లాడే దారి ఉంది, తలుచుకోకపోతే కార్డు తప్పు అని సర్దుకునే దారీ ఉంది.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసింది. వంటింట్లోంచి, గొంతు తగ్గించి. హాజరు నిజమే. నానమ్మకి పక్షవాతం వచ్చింది, తల్లి రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లో షిఫ్టుకి వెళ్తుంది, ఆమె పగటి షిఫ్టు పడిన వారాల్లో అమ్మాయే ఇంట్లో ఉండి చూసుకుంది. “మార్కులు తగ్గలేదు కదా మేడమ్, నేను తప్పు చేస్తున్నానా లేదా అని అడుగుదామని పంపాను, అడగలేకపోయాను” అంది.

నేను తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. వచ్చే నెల షిఫ్టులు ఎప్పుడో అడిగాను. ఒక వారం పగటి షిఫ్టు ఉంది. ఆ వారం పక్కింటావిడ పొద్దున్న, ఆమె చెల్లెలు మధ్యాహ్నం వచ్చి కూర్చోగలరేమో చూస్తానంది. ఆ రోజుల్లో మిస్సయ్యే పాఠాల నోట్సు గదిలో అదే స్కూలు అమ్మాయి తెచ్చిస్తుంది. స్కూల్లో క్లాస్ టీచరుకి కారణం చెప్పి ఉంచమన్నాను, పై తరగతిలో హాజరు శాతం అడ్డు రాకుండా ఇప్పుడే కారణం రాసి ఉంటే మంచిది. ఆమెకి రాయడం కష్టమంటే లెటర్ నేను రాసి పెట్టాను, ఆమె సంతకం పెట్టి ఇచ్చింది.

డిసెంబరు 19

కాగితం ఇప్పటికి ఇలా ఉంది, హిందీ మేడమ్ చక్కటి చేతిరాతతో రాసి గోడకి కాకుండా ఫోను కవరు లోపల పెట్టారు.

ముందు వెనక పేజీ. ఎఫ్‌ఏ ఎంతకి, ఎస్‌ఏ ఎంతకి, ఏ మార్కులు దేనికి. తర్వాత హాజరు, ఆ తర్వాతే మార్కులు, ఆఖరున రిమార్కు. చదువుతున్నప్పుడు నీకు ముందు ఏమనిపించిందో చీటీ మీద రాసి పక్కన పెట్టు, అది జవాబులోకి రాకూడదు. జవాబులో కార్డులో ఉన్నవి మూడు నాలుగు అంకెలతో చెప్పు, అందులో ఒకటి ఆ పిల్లకి మాత్రమే సరిపోయేదై ఉండాలి, మంచి పిల్ల, తెలివైన పిల్ల అనేవి చాలవు. కష్టమైన అంకె ఉంటే అంకెగా రాయి. కార్డుకి తెలియనిది ఏంటో ఒక్క మాట. రిమార్కు ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పు. ఒకే ఒక ప్రశ్న, “మీకు ముందు ఏది కంటపడింది” అని, ఊరికే పంపినా సరే అని. కంగారు, బాధ, భయం, పర్లేదు, వీక్ అనే ఐదు మాటలు కొట్టేసి ఉన్నాయి. పంపే ముందు పిల్లాడి గొంతుతో ఒకసారి చదువుకో.

ఇంకా తేలనివి ఉన్నాయి. రిమార్కు కటువుగా ఉంటే, “శ్రద్ధ లేదు”, “మొండి” అని ఉంటే, దాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాలా? టీచరు రాసింది మార్చి చెప్పే హక్కు మాకు లేదు, కానీ దాన్ని పిల్లాడే చదవాల్సి వస్తుంది. మాస్టారు అలాంటప్పుడు ఫోన్ చేయమంటున్నారు. అమ్మానాన్నలు విడిగా ఉంటూ ఇద్దరూ ఒకే కార్డు పంపితే ఇద్దరికీ అదే జవాబు వెళ్ళాలా అనేది కూడా ఉంది, పోయిన ఏడాది ఒకసారి అలా జరిగింది.

ఈ సాయంత్రం ఆటో ఆయన కూతుర్ని దింపడానికి గది దగ్గరికి వచ్చారు. వెళ్ళబోతుంటే ఆపి, పోయిన ఏడాది కార్డులో సైన్సు 33 నుంచి 58 అయ్యింది కదండీ, అప్పుడు నేను చూడలేదు, చూడాల్సింది అన్నాను. ఆయన కాసేపు అర్థం కానట్టు చూశారు. తర్వాత “దానికి ఆరోజు రాత్రి చికెన్ తెచ్చానండి” అన్నారు. ఈ ఏడాది కార్డు రాగానే పంపుతానన్నారు.